షిఫ్ట్ మారే వేళకు టికెట్ల లెక్క: నెల్లూరు ఆక్వా సపోర్ట్ డెస్క్ ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

రొయ్యల గుంటల్లో ఏరేటర్లను సెల్‌ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్లకూ, నీటిలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటర్లకూ నెల్లూరులో ఒక సపోర్ట్ డెస్క్ ఉంది. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల నుంచి, అటు ప్రకాశం జిల్లాలో సింగరాయకొండ, కొత్తపట్నం వైపు నుంచి రైతులు ఫోన్‌లో, వాట్సాప్‌లో, యాప్‌లో ఫిర్యాదులు పంపుతారు. ప్రతి ఫిర్యాదూ ఒక టికెట్. షిఫ్టులు మూడు: ఉదయం 6 నుంచి 2 వరకు, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు.

షిఫ్ట్ మారే నిమిషానికి డెస్క్ లీడ్ ఫోన్‌కు ఒక చిన్న సారాంశం వెళ్లాలి. ఎన్ని టికెట్లు మిగిలాయి, జవాబుకు ఎంతసేపు పట్టింది, ఇప్పుడు ముందుగా ఎవరిని అందుకోవాలి అన్నవి అందులో ఉండాలి. కొత్త షిఫ్ట్ వాళ్లు కుర్చీలో కూర్చునేలోపు లీడ్ దాన్ని చదివేసి పని పంచాలి కాబట్టి ఫోన్ తెర మీద ఒక్క చూపులో అందాలి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. వాడుతున్న టేబుళ్లు మూడే: టికెట్లు, వాటి కింద సందేశాలు, స్టేటస్ మారిన చరిత్ర.

మూడింటిలో రాత్రి షిఫ్ట్ సారాంశమే కీలకం. చీకటి పడ్డాక నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు. రొయ్యలతో పాటు అదీ వాడుకుంటుంది, అడుగున కుళ్లే మేతా వాడుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు గుంటలో డీవో అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది. ఆ వేళ ఏరేటర్ ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, చూస్తుండగానే పంట పోతుంది. మధ్యాహ్నం వచ్చిన టికెట్ గంట ఆగినా రైతు ఓర్చుకుంటాడు. తెల్లవారుజామున 4 గంటలకు వచ్చిన టికెట్ గంట ఆగితే ఆ రోజు ఉదయానికి అతని గుంటలో ఏం మిగులుతుందో చెప్పలేం.

మొదటి వారం: 6 గంటలకు ఎన్ని ఉన్నాయి?

మొదటి చిక్కు మిగిలిన టికెట్ల సంఖ్య, అంటే బ్యాక్‌లాగ్ అంకెలోనే ఉంది. టికెట్ల టేబుల్‌లో కనపడేది ఇప్పటి స్టేటస్. సారాంశం కట్టే స్క్రిప్ట్ 6:07కి నడిస్తే 6:07 నాటి అంకె వస్తుంది. ఆ ఏడు నిమిషాల్లో కొత్త షిఫ్ట్ వాళ్లు నాలుగు టికెట్లు మూసేస్తే ఆ పని రాత్రి షిఫ్ట్ ఖాతాలో పడుతుంది. మళ్లీ నడిపితే అంకె మళ్లీ మారుతుంది. అందుకని బ్యాక్‌లాగ్‌ను ఇప్పటి స్టేటస్ నుంచి తీయకుండా, స్టేటస్ చరిత్ర నుంచి కడుతున్నాం. 6:00కు ముందు ఆ టికెట్‌కు పడ్డ చివరి స్టేటస్ ఏదో అదే లెక్క.

```sql
SELECT DISTINCT ON (ticket_id)
       ticket_id, new_status
FROM status_log
WHERE changed_at < :t_end
ORDER BY ticket_id, changed_at DESC;
```

ఇందులో `solved`, `closed` కానివన్నీ మిగులు. ఇదే క్వెరీని వారం తర్వాత నడిపినా అదే అంకె వస్తుంది. ఒక షిఫ్ట్ మీద వాదన వచ్చినప్పుడు తిరిగి చూసుకోవడానికి ఈ గుణం తప్పనిసరి.

రెండో చిక్కు గడియారం. డేటాబేస్‌లో సమయాలన్నీ యూటీసీలో ఉన్నాయి. మన సమయం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. కాబట్టి మన ఉదయం 6:00 అంటే అక్కడ 00:30, మధ్యాహ్నం 2:00 అంటే 08:30, రాత్రి 10:00 అంటే 16:30. పాత రిపోర్ట్ తారీఖు వారీగా లెక్క కట్టేది. యూటీసీ తారీఖు మనకు ఉదయం 5:30కి మారుతుంది. దాంతో రాత్రి షిఫ్ట్‌లో చివరి అరగంట తెగి మరుసటి రోజు లెక్కలో పడేది. డీవో బాగా పడిపోయి ఉండే వేళ కూడా అదే. ఇప్పుడు తారీఖుతో పని లేకుండా షిఫ్ట్ మొదలు, చివర అనే రెండు సమయాలే ఇస్తున్నాం. స్క్రిప్ట్‌ను యూటీసీ వేళల్లో తనంతట తాను నడిపే క్రాన్ వరుస ఇలా ఉంది:

```
32 0,8,16 * * *  /opt/desk/handover.sh
```

స్క్రిప్ట్ రెండు నిమిషాలు ఆగి నడుస్తుంది. వాట్సాప్ వైపు నుంచి సందేశాలు డేటాబేస్‌లోకి రావడానికి కొంత ఆలస్యం అవుతుంది కాబట్టి ఆ వ్యవధి. లెక్క మాత్రం :30 దగ్గరే ఆగుతుంది.

అదే వారం: కూడికలు కలవాలి

సారాంశంలో మిగులు అంకె ఒక్కటే పెడితే అది సరైనదో కాదో ఎవరికీ తెలియదు. కొట్లో చిట్టా పుస్తకంలో రాసినట్టు నిన్నటి నిల్వ, వచ్చినవి, పోయినవి, ఇవాళ్టి నిల్వ నాలుగూ రాస్తేనే తప్పు బయటపడుతుంది.

దీన్ని పరీక్షించడానికి ఒక రాత్రి షిఫ్ట్ నమూనా డేటాను చేత్తో తయారు చేశాం. నిజం రైతుల వివరాలు అందులో లేవు, అంకెలన్నీ పరీక్ష కోసమే. రాత్రి 10 గంటలకు నిల్వ 41. కొత్తవి 31. మూసేశాక మళ్లీ తెరుచుకున్నవి 3. పరిష్కారమైనవి 36. కూడితే 39 రావాలి. స్టేటస్ చరిత్ర నుంచి లెక్కిస్తే మాత్రం 37.

ఆ తేడా రెండు టికెట్లు. వాటిని వేరే టికెట్‌లో కలిపేశారు, అంటే మెర్జ్ చేశారు. ఈ డెస్క్‌లో ఇది మామూలే. ఒకే గుంట గురించి రైతు వాట్సాప్ పెడతాడు, కాపలా మనిషి ఫోన్ చేస్తాడు, ఊళ్లో ఉండే పాలుదారు యాప్‌లో నొక్కుతాడు. ఏజెంట్ మూడింటినీ ఒకటిగా కలుపుతాడు. కలిపిన టికెట్ పరిష్కారం అయినట్టు కాదు, మిగిలినట్టూ కాదు. దానికి వేరే గడి పెట్టాం: 41 + 31 + 3 − 36 − 2 = 37. తేడా వచ్చే ఇంకో రెండు దారులు స్పామ్‌గా తీసేసిన టికెట్లు, బిల్లింగ్ విభాగానికి పంపేసినవి. వాటికీ గడులున్నాయి, సున్నా అయితే తెర మీద చూపించం.

ఇంతా చేసి కూడిక కలవకపోతే స్క్రిప్ట్ అంకెను సర్దదు. "తేడా 1, చూడాలి" అని పై వరుసలోనే రాస్తుంది. దీని మీద కాస్త చర్చ జరిగింది. కలవని లెక్కను లీడ్‌కు పంపితే గందరగోళం అవుతుందని ఒక వాదన. మా అభిప్రాయం వేరు. తేడా ఉన్నప్పుడు దాక్కుని ఉన్నది సాధారణంగా ఎవరి చేతిలోనూ లేని టికెట్. దాన్ని కప్పెట్టే సారాంశం కన్నా అసలు సారాంశం లేకపోవడం నయం.

రెండో వారం: జవాబు సమయం

ప్రాజెక్టులో ఎక్కువ కాలం తీసుకున్న భాగం ఇదే. మొదటి జవాబు సమయం అంటే టికెట్ వచ్చిన క్షణం నుంచి మనిషి రాసిన మొదటి జవాబు రైతుకు చేరిన క్షణం దాకా. ఈ వాక్యంలో ప్రతి మాటా క్వెరీలో ఒక షరతు అవుతుంది. "మీ ఫిర్యాదు అందింది" అని తనంతట తాను వెళ్లే సందేశాన్ని తీసేయాలి, లేకపోతే అందరికీ జవాబు సున్నా నిమిషాల్లో వెళ్లినట్టే. ఏజెంట్లు తమలో తాము రాసుకునే లోపలి నోట్లూ తీసేయాలి. ఫోన్ టికెట్లను వేరు చేయాలి. ఎందుకంటే రైతు లైన్‌లో ఉండగానే ఏజెంట్ ఆ టికెట్ తెరుస్తాడు, జవాబు అప్పటికే మొదలైపోయింది. అవి కలిస్తే వాట్సాప్‌లో ఎదురుచూసేవాళ్ల బాధ అంకెల్లో కనపడదు. నమూనా రాత్రిలో 31 కొత్త టికెట్లలో 8 ఫోన్‌వి. లెక్కకు మిగిలినవి 23.

```sql
SELECT t.id,
       MIN(c.created_at) - t.created_at AS frt
FROM tickets t
LEFT JOIN comments c
  ON c.ticket_id = t.id
 AND c.is_public
 AND c.author_role = 'agent'
 AND c.created_at < :t_end
WHERE t.created_at >= :t_start
  AND t.created_at <  :t_end
  AND t.channel <> 'phone'
GROUP BY t.id, t.created_at;
```

ఏజెంట్ షరతులు `ON` కిందే ఉండాలి. వాటిని `WHERE` కిందకు దించితే జవాబు లేని టికెట్లు జాబితా నుంచే మాయమవుతాయి, ఎర్రర్ ఏమీ రాదు. కనిపెట్టే దారి సులభం: వరుసల సంఖ్య 23 కాకుండా 19 వస్తుంది.

క్వెరీ సరిగ్గా రాసినా ఇంకో గొయ్యి ఉంది. జవాబు లేని టికెట్‌కు `frt` ఖాళీగా, అంటే `NULL`గా వస్తుంది. సగటు తీసే `AVG` అయినా, మధ్య విలువ తీసే `percentile_cont` అయినా ఖాళీలను చప్పుడు లేకుండా వదిలేస్తాయి. అంటే ఇంకా ఎదురుచూస్తున్న రైతులు లెక్కలోనే ఉండరు. డెస్క్ ఎంత వెనకబడితే అంత మంది లెక్కలోంచి జారిపోతారు, అంకె మాత్రం బాగానే కనపడుతుంది.

నమూనా రాత్రిలో జవాబు అందిన 19 టికెట్లకు పట్టిన నిమిషాలు ఇవి: 3, 4, 5, 6, 7, 8, 9, 11, 12, 14, 16, 18, 21, 24, 27, 31, 38, 44, 70. మధ్య విలువ 14 నిమిషాలు, సగటు 19. డెస్క్ మాట ఇచ్చిన గడువు 30 నిమిషాలు. ఆ లోపు అందినవి 15. కాబట్టి 19కి 15, అంటే 79 శాతం. పాత రిపోర్ట్ చూపేది ఇదే.

జవాబు లేనివి నాలుగు. 6 గంటల వేళకు అవి ఎదురుచూస్తున్న సమయం 170, 100, 35, 10 నిమిషాలు. మొదటి మూడింటికీ గడువు దాటిపోయింది. ఇక ఎప్పుడు జవాబిచ్చినా అవి ఆలస్యమే. నాలుగోదానికి ఇంకా 20 నిమిషాలు ఉంది, దాన్ని ఇప్పుడే ఎటూ చెప్పలేం. కాబట్టి తేలినవి 22, సకాలంలో అందినవి 15, అంటే 68 శాతం. మధ్య విలువ పెద్దగా కదలదు. నాలుగో టికెట్‌కు ఎప్పుడు జవాబు వెళ్తుందన్నదాన్ని బట్టి 16 నుంచి 18 మధ్య ఉంటుంది. మధ్య విలువ గుణమే అది, చివర ఎంత చెడినా దానికి పట్టదు. అందుకే లీడ్ చేతికిచ్చే ముఖ్యమైన అంకెగా దాన్ని పెట్టలేదు.

ఈ దశలో మొదటి ముసాయిదా చూసిన లీడ్ అడిగింది ఒకటే ప్రశ్న: "శాతాలు సరే అన్నా, ఇప్పుడు నేను ఎవరికి ఫోన్ చెయ్యాల?" ఆ తర్వాత సారాంశం తలకిందులైంది. జవాబు లేని టికెట్లు, ఎదురుచూపు ఎక్కువున్నది ముందు వచ్చేలా, పైకి వెళ్లాయి. శాతం కిందికి దిగింది.

రెండు షిఫ్టుల మధ్య జారిపోయే టికెట్

రాత్రి 9:50కి ఒక టికెట్ వచ్చింది అనుకుందాం. 10 గంటలకు సాయంత్రం షిఫ్ట్ లెక్క ముగిసేసరికి దాని వయసు పది నిమిషాలే, తేలలేదు. రాత్రి షిఫ్ట్ లెక్క 10 తర్వాత వచ్చిన వాటితో మొదలవుతుంది. దానికి జవాబు 10:40కి వెళ్లింది. యాభై నిమిషాల ఆలస్యం ఏ షిఫ్ట్ లెక్కలోనూ పడలేదు.

దీనికి పెట్టుకున్న నియమం ఇది: ప్రతి టికెట్‌కూ తేలే క్షణం ఒకటి ఉంటుంది. జవాబు వెళ్లిన సమయం, వచ్చిన 30 నిమిషాలకు గడువు ముగిసే సమయం, ఈ రెండింటిలో ఏది ముందైతే అది. ఆ క్షణం ఏ షిఫ్ట్‌లో పడితే ఆ షిఫ్ట్ లెక్క.

```sql
LEAST(first_reply_at,
      created_at + interval '30 minutes')
```

పోస్ట్‌గ్రెస్‌లో `LEAST` ఖాళీ విలువను పక్కన పెట్టి మిగిలినదాన్ని ఇస్తుంది. కాబట్టి జవాబు లేకపోతే గడువు సమయమే వస్తుంది, మనకు కావాల్సిందీ అదే. అన్ని డేటాబేస్‌లూ ఇలా చేయవు. మైసీక్వెల్‌లో ఒక్క ఖాళీ ఉన్నా మొత్తం ఖాళీ అవుతుంది. అక్కడికి మార్చేవాళ్లు `COALESCE` చుట్టుకోవాలి.

నమూనాలో సాయంత్రం షిఫ్ట్ నుంచి ఇలా దాటి వచ్చినవి రెండు. 9:40 టికెట్‌కు 10:05కి, అంటే 25 నిమిషాల్లో జవాబు వెళ్లింది. 9:50 టికెట్ గడువు 10:20కి ముగిసింది. రెండూ రాత్రి షిఫ్ట్‌లోనే తేలాయి. దాంతో లెక్క 24కి 16 అయింది, 67 శాతం. ఉదయం 5:50కి వచ్చినది ఉదయం షిఫ్ట్ లెక్కకు వెళ్తుంది. 9:50 టికెట్ విషయంలో తప్పు రాత్రివాళ్లది కాదు కదా అన్న అభ్యంతరం వచ్చింది. వాళ్లకు ఇరవై నిమిషాలు చేతిలో ఉన్నాయి, అప్పగింత సారాంశంలో అది కనపడింది. ఇక్కడ ఎవరిది తప్పు అన్నదానికన్నా ప్రతి టికెట్ ఒక్కసారి, ఒక్కసారే లెక్కకు రావడం ముఖ్యం. ఏ ఏజెంట్‌నూ ఈ శాతంతో కొలవకూడదని లీడ్‌తో ముందే ఒప్పందం కుదిరింది.

మూడో వారం: "రైతు వంతు" అన్న గడి

మిగిలిన 37 అన్నీ ఒకే రకం కావు. 21 మన వంతు, 12 రైతు జవాబు కోసం ఆగినవి, 4 విడిభాగం కోసమో ఫీల్డ్ టెక్నీషియన్ కోసమో ఆగినవి. రైతు వంతు అంటే స్టేటస్ `pending`.

షిఫ్ట్ ముగిసే ముందు పావుగంటలో ఈ గడి ఉబ్బుతుంది. కొంత న్యాయమైనదే. వెళ్లేముందు ఏజెంట్ ఒక్కొక్కరికీ "ప్యానెల్ మీద ఏ లైటు వెలుగుతోందో ఫోటో పంపండి" అని రాసి పెండింగ్‌లో పెడతాడు. కొంత మాత్రం ఏమీ రాయకుండా స్టేటస్ మార్చినది. రైతుకు ఏ ప్రశ్నా వెళ్లలేదు, అతను మన కోసం చూస్తున్నాడు, మనం అతని కోసం చూస్తున్నట్టు రాసుకున్నాం. ఇలాంటి టికెట్ రెండు షిఫ్టుల పాటు ఎవరి కంటా పడదు.

గుర్తించే షరతు తేలిక. చివరి బహిరంగ సందేశం రైతుది అయ్యుండి, స్టేటస్ `pending` అయితే, అది మన వంతే. స్టేటస్‌ను స్క్రిప్ట్ మార్చదు, సారాంశంలో "రైతు వంతు 12, అందులో 5కి మన ప్రశ్న వెళ్లలేదు" అని రాస్తుంది. కొన్నిసార్లు ఇది తప్పుగా పట్టుకుంటుంది. రైతు చివరగా "సరే అన్నా" అనో, ఒక దండం బొమ్మో పెట్టి ఊరుకుంటే దాన్ని కూడా జవాబు కోరే సందేశంగా లెక్కేస్తుంది. అలాంటి చిన్న సందేశాల జాబితా ఒకటి పెట్టి తప్పించవచ్చు గానీ వద్దనుకున్నాం. "సరే అన్నా" తర్వాత కూడా ఏరేటర్ తిరగకపోవచ్చు, ఒకసారి చూడటానికి పట్టేది పది సెకన్లు.

170 నిమిషాల టికెట్

నమూనాలో అన్నిటికన్నా పాతదాన్ని కావాలనే ఇలా తయారు చేశాం, ఎందుకంటే నిజంగా జారిపోయేవి ఇలాంటివే. తెల్లవారుజామున 3:10, వాట్సాప్, రాత లేదు, 22 సెకన్ల వాయిస్ మెసేజ్. వింటే వెనక జనరేటర్ మోత, "ఒక ఫేజు పోయిందన్నా, స్టార్టర్ ట్రిప్ కొడతా ఉండాది, రెండో గుంటలో ఫ్యాన్లు తిరగట్లా" అన్న మాటలు. సిస్టమ్‌కు ఆ మాటలేవీ వినపడవు. టికెట్ శీర్షికలో పడేది "వాయిస్ మెసేజ్" అన్న రెండు ముక్కలే.

ప్రాధాన్యం నిర్ణయించే నియమం శీర్షికలో, సందేశంలో పదాలు వెతుకుతుంది: ట్రిప్, ఆగింది, డీవో, తేలుతున్నాయి. రాత లేదు కాబట్టి ఏ పదమూ తగల్లేదు, టికెట్ సాధారణం కింద పడింది. ఏజెంట్ల తెర ప్రాధాన్యం వారీగా ఉంటుంది. వెనక వచ్చిన అత్యవసరాలు దాని మీదుగా వెళ్లిపోయాయి. సోలిన కళ్లతో అర్ధరాత్రి టైపు చేయడం కష్టం, చేతులు తడిగా ఉంటాయి, కాబట్టి రాత్రిపూట అత్యవసరమైనవే వాయిస్ మెసేజ్‌గా వస్తాయి. పదాల నియమం సరిగ్గా వాటినే కిందకు తోస్తోంది.

రెండు మార్పులు చేశాం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా రాత లేని వాయిస్ మెసేజ్, ఫోటో, వీడియో ఏదొచ్చినా ముందు అత్యవసరమే, విన్నాక ఏజెంట్ తగ్గిస్తాడు. సారాంశంలో పై జాబితా ప్రాధాన్యంతో సంబంధం లేకుండా ఎదురుచూపు సమయాన్ని బట్టే వరుస కడుతుంది. ప్రాధాన్యం తప్పు పడినా, వయసు అబద్ధం చెప్పదు.

ఇప్పుడు వెళ్తున్న రూపం

```
రాత్రి షిఫ్ట్ 22:00–06:00
జవాబు లేనివి: 4 (గడువు దాటినవి 3)
 #5127  2గం 50ని  వాయిస్, ఇందుకూరుపేట
 #5133  1గం 40ని  స్టార్టర్ ఆన్ కాలేదు, అల్లూరు
 #5139  35ని  యాప్ లాగిన్, కొత్తపట్నం
 #5142  10ని  డీవో రీడింగ్ తప్పు, ముత్తుకూరు
నిల్వ: 41 + 31 + 3 − 36 − 2 = 37
 మన వంతు 21, రైతు వంతు 12, ఫీల్డ్ 4
 రైతు వంతులో మన ప్రశ్న వెళ్లనివి: 5
30 ని. లోపు జవాబు: 24కి 16
```

శాతం తీసేసి "24కి 16" అనే ఉంచాం. రాత్రి షిఫ్ట్‌లో టికెట్లు తక్కువ. ఒక్క టికెట్ అటూ ఇటూ అయితే శాతం నాలుగు మారుతుంది, ఆ ఊగిసలాటకు అర్థం లేదు. షిఫ్టుల మధ్య పోలిక కావాలంటే వారానికి ఒకసారి మొత్తం కలిపి చూస్తారు. జాబితాలో అయిదుకు మించి చూపించం, మించితే "ఇంకా 6 ఉన్నాయి" అన్న వరుస వస్తుంది. రైతు పేరు, ఫోన్ నంబరు సందేశంలో ఉండవు. ఈ సారాంశం వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది, టికెట్ నంబరు నొక్కితే వివరాలు డెస్క్ తెర మీదే తెరుచుకుంటాయి.

ఉదయం 5:40కి ఇదే స్క్రిప్ట్ ఒకసారి ముందస్తుగా నడిచి షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకు మాత్రమే చూపిస్తుంది. జాబితాలోని ప్రతి టికెట్ కింద ఒక వాక్యం రాయడానికి వాళ్లకు ఇరవై నిమిషాలు దొరుకుతాయి: "ఎంసీబీ చూడమన్నాను, ఫోన్ ఎత్తట్లేదు" లాంటిది. 6:00 తర్వాత ఆ వాక్యం లీడ్ సారాంశంలో టికెట్ పక్కన చేరుతుంది. ఏమీ రాయకపోతే ఖాళీగానే వెళ్తుంది, స్క్రిప్ట్ సొంతంగా ఏదీ పూరించదు.

మిగిలిన పని

గాలివానకు ఒక ఫీడర్ పోతే ఒకే మండలం నుంచి పది నిమిషాల్లో ఇరవై టికెట్లు పడతాయి. అప్పుడు పై జాబితా అయిదు వరుసలూ ఒకే కారణంతో నిండిపోతాయి, వేరే ఊళ్లో నిజంగా స్టార్టర్ కాలిపోయిన రైతు కిందకు పోతాడు. ఒకే మండలం నుంచి 15 నిమిషాల్లో 5కు మించి వస్తే వాటిని ఒక వరుసగా కట్టి, "విడవలూరు: 18 టికెట్లు, పాతది 40ని" అని చూపించాలన్నది ప్రస్తుత ఆలోచన. మండలం సరిపోదేమో, సబ్‌స్టేషన్ వారీగా కట్టాలేమో. దానికి ప్రతి స్టార్టర్ ఏ సబ్‌స్టేషన్ కింద ఉందో టేబుల్‌లో ఉండాలి, ఇప్పుడు ఆ గడి సగం పైగా ఖాళీ. బిగించడానికి వెళ్లే టెక్నీషియన్ ఫారంలో ఆ గడిని తప్పనిసరి చేశాం. పాతవాటికి మాత్రం ఏ టికెట్ మూసినా ఏజెంట్ ఆ ఒక్క ప్రశ్న రైతును అడిగి నింపుతున్నాడు.